హద్దు మారితే లెక్కా మారాలి

నాలుగు చినుకులు పడిన ప్రతి రోజూ భారత వాతావరణ శాఖ లెక్కలో వర్షపు రోజు కాదు. 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో కురిస్తేనే దాన్ని వర్షపు రోజు అంటారు. పొద్దున 8.30కి వానమాపకంలో నీళ్లు కొలిచి, గడిచిన 24 గంటల వానగా రాసుకుంటారు. 2.4 మి.మీ. పడితే ఆ రోజు వర్షపు రోజుల్లో చేరదు. 64.5 నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం.

ఇవన్నీ హద్దులు. ఒక ఊరి వానలెక్కను ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ పెట్టుకున్నవాళ్లు మొదట వేసే ప్రశ్న కూడా హద్దు గురించే: ఈ సీజన్‌లో 2.5 దాకా వచ్చిన రోజులెన్ని? దానికి పనికొచ్చే ఫార్ములా COUNTIF. ఎక్కడ వెతకాలో ముందు చెప్పాలి, ఏ షరతుకు సరిపోయినవి లెక్కపెట్టాలో తర్వాత చెప్పాలి.

```
=COUNTIF(B2:B13,">=2.5")
```

ఇది సరిగ్గానే పనిచేస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, 2.5 అనే అంకె ఫార్ములా కడుపులో దాక్కుని ఉంది. షీటు చూసేవాళ్లకు అది కనబడదు. పైగా వాతావరణ శాఖ హద్దు ఒకటైతే రైతు హద్దు మరొకటి. దుక్కి పదునెక్కే వాన ఎన్ని రోజులు పడిందని అతను అడుగుతాడు. ఆ హద్దు ఎర్రనేలకు ఒకటి, నల్లరేగడికి ఒకటి. అడిగిన ప్రతిసారీ ఫార్ములా విప్పి అంకె మార్చాలంటే, పది ఫార్ములాలున్న షీటులో తొమ్మిది మార్చి ఒకటి మరిచిపోవడం ఖాయం. అందుకే హద్దును ఒక సెల్‌లో రాసి, పక్కన దాని పేరు రాసి, ఫార్ములాలన్నీ ఆ సెల్‌నే చూసేలా చేయాలి. మన షీటులో ఆ సెల్ E1 అనుకుందాం. అందులో 2.5 ఉంది. పక్కన F1లో ‘వర్షపు రోజు హద్దు’ అని పేరు ఉంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కోట్లలో ఉన్న 2.5 తీసేసి, ఆ చోట E1 అని పెట్టేస్తారు.

```
=COUNTIF(B2:B13,">=E1")
```

ఎక్సెల్ దీన్ని తప్పు పట్టదు. ఎర్ర అక్షరాలు రావు, హెచ్చరిక రాదు. ఏదో ఒక అంకె వచ్చి కూర్చుంటుంది. ఆ అంకె ఏమిటో చూడాలంటే చిన్న ఉదాహరణ కావాలి. B2 నుంచి B13 దాకా పన్నెండు రోజుల వాన వరసగా ఇలా ఉందనుకోండి: 0, 2.5, 18.4, 0.8, 64.5, 7.2, 2.4, 0, 121, 33.6, NA, 2.5. పదకొండో రోజున మాపకం పనిచేయలేదు, అందుకే అక్కడ NA అని రాశారు. వేళ్ల మీద లెక్కపెడితే 2.5, ఆ పైన ఉన్న రోజులు ఏడు. పై ఫార్ములా ఇచ్చే జవాబు 1.

ఆ ఒక్కటి ఏ రోజు? మాపకం పనిచేయని రోజు!

కోట్ల మధ్య రాసిన దేన్నయినా ఎక్సెల్ ఉత్త అక్షరాలుగానే తీసుకుంటుంది. అక్కడ E1 అంటే సెల్ కాదు, E అనే అక్షరం, 1 అనే అంకె, అంతే. ‘E1 అనే మాటతో సమానమైనవి గానీ, అక్షరక్రమంలో దాని తర్వాత వచ్చేవి గానీ ఎన్ని?’ అని మనం అడిగినట్టయింది. సంఖ్యలను అక్షరాలతో పోల్చదు గనక వాటన్నిటినీ పక్కన పెట్టేసింది. మిగిలింది NA. నిఘంటువు వరసలో N అనేది E తర్వాత వస్తుంది గనక దాన్ని లెక్కలో వేసుకుంది. NA బదులు AB అని రాసి ఉంటే జవాబు 0 అయ్యేది. కాలమ్ అంతా సంఖ్యలే అయినా 0 వచ్చేది. వాన కురిసిన సీజన్‌కు 0 వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. 1, 2, 3 లాంటివి వస్తే రాదు, అవి నేరుగా నివేదికలోకి ఎక్కిపోతాయి. ఈ పొరపాటులో నన్ను భయపెట్టేది అదే.

పోనీ కోట్లు మొత్తం తీసేస్తే? >=E1 అని ఊరికే రాస్తే ఎక్సెల్ ఫార్ములానే ఒప్పుకోదు, ఏదో సమస్య ఉందని ఆపేస్తుంది. పోలిక గుర్తుకు ఎడమవైపు ఏమీ లేదు గదా, దేన్ని పోల్చాలని దాని ప్రశ్న.

సరైన దారి ఈ రెండింటికీ మధ్యలో ఉంది. గుర్తు కోట్లలో ఉండాలి, సెల్ పేరు కోట్ల బయట ఉండాలి, రెండింటినీ & గుర్తుతో అతికించాలి.

```
=COUNTIF(B2:B13,">="&E1)
```

ఇప్పుడు 7 వస్తుంది. E1లో 25 వేయగానే 3 అవుతుంది. లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే ఈ రాత ఇక మరచిపోరు. COUNTIFకి షరతు ఒకే ముక్కగా అందాలి. అందుకని ఎక్సెల్ ముందు E1లోకి వెళ్లి 2.5 తెస్తుంది. & గుర్తు దాన్ని ‘>=’ పక్కన అతికించి ‘>=2.5’ అనే అక్షరాల ముక్క తయారుచేస్తుంది. ఆ ముక్క COUNTIF చేతికి అందాక, అది ముందున్న గుర్తును విడదీసి, మిగిలినదాన్ని మళ్లీ సంఖ్యగా చదువుకుని, కాలమ్‌లోని ఒక్కో సంఖ్యతో పోలుస్తుంది. అంటే చివరికి COUNTIF చూసేది మనం మొదట చేత్తో రాసిన ముక్కనే. దాన్ని అతికించే పని మాత్రం మన చేతి నుంచి షీటు చేతికి మారింది.

కాబట్టి అనుమానం వచ్చినప్పుడు చూడాల్సింది ఆ అతికిన ముక్కనే. ఖాళీగా ఉన్న ఏదో ఒక సెల్‌లో ఇలా కొట్టండి:

```
=">="&E1
```

ఆ సెల్‌లో >=2.5 అని కనబడితే షరతు బాగున్నట్టే, తప్పు ఇంకెక్కడో ఉంది. >=E1 అని కనబడితే సెల్ పేరు కోట్లలో ఇరుక్కుపోయిందని అర్థం. ఉత్త >= మాత్రమే కనబడితే E1 ఖాళీగా ఉంది, పోల్చడానికి సంఖ్యే లేదు. ఇంకో పరీక్ష దీనికన్నా సులువు. హద్దు సెల్‌లో 0 వేసి చూడండి, తర్వాత 1000 వేసి చూడండి. మన ఉదాహరణలో 0కి 11 రావాలి, NA తప్ప అన్నీ. 1000కి 0 రావాలి. హద్దు ఎంత మార్చినా జవాబు కదలకుండా కూర్చుంటే ఫార్ములా ఆ సెల్‌ను అసలు చూడటం లేదన్నమాట.

సమానత్వానికి మాత్రం ఈ అతుకు అక్కర్లేదు. మాపకం పనిచేయని రోజులెన్నో తెలియాలంటే E9లో NA అని రాసి, షరతు చోట ఉత్త E9 అని పెడితే చాలు. గుర్తు లేకపోతే ‘దీనికి సమానమైనవి’ అనే అర్థం. ఎక్కువ, తక్కువ, కాదు అనే గుర్తులు వచ్చినప్పుడే కోట్లు, & కావాలి.

గుర్తు రాసే క్రమం కూడా చూసుకోవాలి. మాటల్లో ‘సమానం లేదా ఎక్కువ’ అంటాం గనక కొందరి వేలు ముందు = మీదకు, తర్వాత > మీదకు వెళ్తుంది. "=>"&E1 అని రాస్తే ఎక్సెల్ మొదటి = దగ్గరే గుర్తు అయిపోయిందనుకుంటుంది. మిగిలిన >2.5 అనే మాట అచ్చంగా ఏ సెల్‌లోనైనా ఉందేమోనని వెతికి 0 ఇస్తుంది. > ముందు, = తర్వాత. ఇక > ఒక్కటే రాస్తే మన ఉదాహరణలో 7 కాస్తా 5 అవుతుంది, సరిగ్గా 2.5 పడిన రెండు రోజులూ జారిపోతాయి. వాతావరణ శాఖ నిర్వచనంలో 2.5 కూడా లోపలే ఉంది. ఒక్క = గుర్తు మరిచినందుకు ఊరి లెక్కలో రెండు వర్షపు రోజులు తగ్గిపోతాయి.

ఫార్ములా సరిగ్గా ఉన్నా E1లో రాసింది తేడా చేయొచ్చు. ‘2.5 మి.మీ.’ అని కొలత పేరుతో సహా రాస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అది సంఖ్య కాదు, మాట. షరతు ‘>=2.5 మి.మీ.’ అవుతుంది, పోలిక మళ్లీ అక్షరాల దారి పడుతుంది, మళ్లీ ఆ NA రోజే లెక్కకొచ్చి 1 చూపిస్తుంది. కొలత పేరు కనబడాలనుకుంటే సెల్‌లో 2.5 మాత్రమే ఉంచి, సెల్ ఫార్మాట్‌లో కస్టమ్ అనే చోట ఈ రూపం ఇవ్వాలి:

```
0.0" మి.మీ."
```

కంటికి మి.మీ. కనబడుతుంది, లోపల సంఖ్య సంఖ్యగానే ఉంటుంది. ఇదే జబ్బు వాన కాలమ్‌కూ ఉండొచ్చు. వేరే చోటు నుంచి తెచ్చి అతికించిన అంకెలు ఒక్కోసారి మాటలుగా వస్తాయి. అవి సెల్‌లో ఎడమవైపుకు జరిగి ఉంటాయి, ఎక్సెల్‌లో మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కూడా తరచూ కనబడుతుంది. ఎక్కువ, తక్కువ పోలికల్లో COUNTIF వాటిని సంఖ్యలుగా లెక్కలోకి తీసుకోదు. ఆ సెల్‌లన్నీ ఎంచుకుని, త్రికోణం పక్కన వచ్చే మెనూలో సంఖ్యగా మార్చమంటే సరిపోతుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫార్ములాను అతికించేటప్పుడు మరొక సంగతి చూడండి. దారిలో మామూలు కోట్లు వంపు తిరిగిన కోట్లుగా మారిపోయి ఉంటే ఎక్సెల్ వాటిని కోట్లుగా గుర్తించదు. అవి చెరిపేసి కీబోర్డు మీద మళ్లీ కొట్టాలి.

ఇప్పుడు షీటును కాస్త పెద్దది చేద్దాం. C, D కాలమ్‌లలో మరో రెండు ఊళ్ల వాన ఉంది. B కింద రాసిన ఫార్ములాను పట్టుకుని కుడివైపు లాగితే ఎక్సెల్ అన్ని సెల్ పేర్లనూ ఒక గది పక్కకు జరుపుతుంది. B2:B13 కాస్తా C2:C13 అవుతుంది, మనకు కావాల్సిందే. దాంతోపాటు E1 కూడా F1 అయిపోతుంది, అది వద్దు. F1లో మనం రాసుకున్న పేరు ఉంది గనక రెండో ఊరికి ‘వర్షపు రోజు హద్దు’ అనే మాటే హద్దుగా మారి 0 చూపిస్తుంది. హద్దు సెల్‌ను కదలకుండా కట్టేయడానికి డాలర్ గుర్తులు పెట్టాలి. ఫార్ములాలో E1 మీద కర్సర్ ఉంచి F4 నొక్కితే అవే వస్తాయి.

```
=COUNTIF(B2:B13,">="&$E$1)
```

మొదటి జవాబు సరిగ్గా ఉండి పక్కవన్నీ వింతగా ఉన్నాయంటే ముందు వెతకాల్సింది ఈ డాలర్ల కోసమే.

రెండు హద్దుల మధ్య ఉన్నవి కావాలంటే COUNTIFS వాడాలి. ఇది ఎక్సెల్ 2007తో వచ్చింది, ఎన్ని షరతులైనా వరసగా చెప్పుకోవచ్చు. భారీ వర్షం అంటే 64.5 నుంచి 115.5 దాకా. చాలామంది ఈ రెండు అంకెలనూ రెండు సెల్‌లలో పెట్టి, కింద >=, పైన <= అంటారు. ఒకే మాపకం లెక్కలకు అది చాలు, ఎందుకంటే అక్కడ అంకెలు ఒక దశాంశ స్థానంతోనే ఉంటాయి. మండలంలోని నాలుగైదు మాపకాల సగటు తీసి ఆ కాలమ్‌లో పెట్టారనుకోండి, 115.55 లాంటి సంఖ్య రావచ్చు. అది 115.5 దాటింది గనక భారీలో పడదు, 115.6కు చేరలేదు గనక అతి భారీలోనూ పడదు. ఏ గంపలోనూ పడని రోజు అది. తరగతులన్నీ కూడితే మొత్తం రోజులకు ఒకటి తక్కువ వస్తుంది, ఎందుకో ఎంతకీ తేలదు. నేనైతే ప్రతి తరగతికీ కింది హద్దు మాత్రమే సెల్‌లో రాస్తాను. పై హద్దు అంటే తర్వాతి తరగతి కింది హద్దుకు లోపు, అంతే. E2లో 64.5, E3లో 115.6 ఉంటే:

```
=COUNTIFS(B2:B13,">="&$E$2,B2:B13,"<"&$E$3)
```

మన పన్నెండు రోజుల్లో దీనికి సరిపోయేది ఒక్కటే, సరిగ్గా 64.5 కురిసిన రోజు. 121 పడిన రోజు తర్వాతి తరగతిలోకి వెళ్తుంది. తరగతుల మధ్య సందు ఉండదు, ఒక రోజు రెండు చోట్లా పడదు.

తేదీలకూ ఇదే రాత. ఇక్కడ సెల్‌ను చూపించడం సౌకర్యం కోసమే కాదు, భద్రత కోసం కూడా. నైరుతి రుతుపవనాల కాలం జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా, 122 రోజులు. అదంతా A2 నుంచి A123 దాకా ఉందనుకుందాం. షరతులో ">=1/6/2025" అని కోట్లలో రాస్తే మన కంప్యూటర్‌లో అది జూన్ ఒకటి. అదే ఫైలును అమెరికాలో ఉన్న అబ్బాయి తన కంప్యూటర్‌లో తెరిస్తే జనవరి ఆరు, ఎందుకంటే అక్కడి అమరికలో నెల ముందు వస్తుంది. తేదీని సెల్‌లో రాస్తే ఈ తిరకాసు ఉండదు. ఎక్సెల్ తేదీని లోపల ఒక సంఖ్యగా దాచుకుంటుంది, 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని అక్కడి నుంచి రోజులు లెక్కిస్తూ వస్తుంది. 2025 జూన్ 1 అంటే 45809. అతికిన ముక్కను పరీక్షించినప్పుడు >=45809 అని కనబడితే కంగారు పడనక్కర్లేదు, అది సరైనదే. ఆ సంఖ్య ఏ దేశంలో తెరిచినా అదే రోజు.

```
=COUNTIFS(A2:A123,">="&$E$6,A2:A123,"<="&$E$7,B2:B123,">="&$E$1)
```

E6లో మొదటి తేదీ, E7లో చివరి తేదీ. రెండు తేదీలు మారిస్తే చాలు, జులై లెక్క గానీ ఒక కార్తె లెక్క గానీ అదే ఫార్ములా ఇస్తుంది. కాలమ్‌ల పొడవు మాత్రం సమానంగా ఉండాలి. తేదీలు 123 దాకా తీసుకుని వాన 122 దగ్గర ఆపితే #VALUE! అని చెబుతుంది. ఈ తప్పును ఎక్సెల్ దాచిపెట్టదు, అది నయం.

హద్దు ఎప్పుడూ చేత్తో రాసిన అంకే కానక్కర్లేదు, లెక్కలో తేలింది కూడా కావచ్చు. సగటు కన్నా ఎక్కువ కురిసిన రోజులెన్ని అని అడగాలంటే & తర్వాత సెల్ బదులు AVERAGE పెడితే సరి.

```
=COUNTIF(B2:B13,">"&AVERAGE(B2:B13))
```

మన ఉదాహరణలో పదకొండు రోజుల సగటు దాదాపు 23 మి.మీ., దాన్ని దాటిన రోజులు మూడే. మొత్తం 252.9 మి.మీ.లో 219.1 ఆ మూడు రోజుల్లోనే పడింది.

ఈ పద్ధతి ఆగిపోయే చోటు ఒకటుంది. ఇంతసేపూ రోజులన్నిటికీ ఒకే హద్దు. రోజుకో హద్దు ఉంటే? H కాలమ్‌లో ఆయా తేదీల్లో మామూలుగా కురవాల్సిన వాన ఉంది. ఏ రోజు వానను ఆ రోజు మామూలు వానతోనే పోల్చి, మించిన రోజులు లెక్కపెట్టాలి. ">"&H2:H13 అని రాస్తే పని జరగదు. COUNTIF ఒక్కో హద్దును తీసుకుని మొత్తం కాలమ్‌తో పోలుస్తుంది తప్ప వరసకు వరస జత కట్టదు. అలా జత కట్టి పోల్చడానికి SUMPRODUCT కావాలి.

```
=SUMPRODUCT(--(B2:B13>H2:H13))
```

ఇక్కడ పోలిక కోట్లలో లేదు, అతుకూ లేదు, సెల్‌లను నేరుగా పోలుస్తున్నాం. కానీ NA ఉన్న రోజును మరో రకంగా చూసుకోవాలి. నేరుగా పోల్చేటప్పుడు ఎక్సెల్ దృష్టిలో ఏ మాటయినా ఏ సంఖ్య కన్నా పెద్దదే. H అంతటా 8 పెట్టి చూస్తే ఈ ఫార్ములా 5 అంటుంది. 8 దాటిన రోజులు నిజానికి నాలుగే: 18.4, 64.5, 121, 33.6. ఐదోది NA. అందుకని ముందు అది సంఖ్యేనా అని అడిగి, తర్వాత పోల్చమనాలి.

```
=SUMPRODUCT(ISNUMBER(B2:B13)*(B2:B13>H2:H13))
```

ఇప్పుడు 4 వస్తుంది. H కాలమ్‌లో మాటలు గానీ ఖాళీలు గానీ ఉండే అవకాశముంటే దానికీ ఒక ISNUMBER చేర్చాలి. ఖాళీ సెల్‌ను ఈ పోలికలో 0గా తీసుకుంటుంది గనక, హద్దు రాయని రోజున అర మిల్లీమీటరు పడినా మామూలు కన్నా ఎక్కువ కురిసినట్టే లెక్కేస్తుంది.